తీగ మీద ఎదురైన రెండు పల్స్‌లు: మధ్య ఫ్రేములు తప్పిన ఒక కేసు

కావలి చుట్టుపక్కల ఇంటర్ ఎంపీసీ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. ఈ కేసులోని అమ్మాయి పేరు, ఊరు, కాలేజీ ఇక్కడ అవసరం లేదు. పదో తరగతి దాకా తెలుగు మీడియం, ఇప్పుడు ఇంగ్లీషు మీడియం. లెక్కల్లో గట్టిది. తరంగాల పాఠంలో తీగలో వేగం, అనునాదం, విస్పందనాల లెక్కలన్నీ తప్పు లేకుండా చేస్తుంది. ఒక్క బొమ్మల ప్రశ్న దగ్గర మాత్రం ప్రతిసారీ ఒకే రకంగా తప్పుతోంది. తప్పు ఒకే రకంగా ఉందంటే అది తొందరపాటు కాదు, లోపల ఏదో నియమం పనిచేస్తోంది. ఈ కేసు రాసి పెట్టుకోవడానికి కారణం అదే.

ప్రశ్న ఇది. గ్రాఫ్ పేపర్ మీద సాగదీసిన తీగ. దాని మీద త్రిభుజాకారపు పల్స్ ఒకటి 0వ గీత నుంచి 4వ గీత వరకు ఉంది, శిఖరం 2వ గీత దగ్గర, ఎత్తు 2 గడులు. అది కుడికి సెకనుకు ఒక గడి చొప్పున కదులుతోంది. సరిగ్గా అలాంటిదే ఇంకొకటి 6 నుంచి 10 వరకు ఉంది, శిఖరం 8 దగ్గర. అది అదే వేగంతో ఎడమకు వస్తోంది. 1వ సెకను నుంచి 5వ సెకను వరకు తీగ ఆకారం గీయాలి. సౌకర్యం కోసం కుడికి వెళ్లేదాన్ని ఎర్ర పల్స్ అని, ఎడమకు వచ్చేదాన్ని నీలం పల్స్ అని అంటాను. ఆమె పేపర్లో వాడిన పెన్నుల రంగులు కూడా అవే.

1వ సెకనులో రెండు పల్స్‌ల పాదాలు 5వ గీత దగ్గర తాకుతాయి. ఆ బొమ్మ సరిగ్గా గీసింది. 3వ సెకనులో రెండూ పూర్తిగా ఒకదాని మీద ఒకటి వస్తాయి, ఎత్తు 4 అవుతుంది. అదీ సరిగ్గానే ఉంది. 5వ సెకనులో రెండూ విడిపోయాయి, సరే. తేడా 2వ సెకనులో. ఎర్రది 2 నుంచి 6 వరకు, నీలం 4 నుంచి 8 వరకు గీసి, రెండు త్రిభుజాలు ఖండించుకున్న చోట లోపలి గీతలు చెరిపేసి, బయటి అంచును మాత్రం మిగిల్చింది. దాంతో రెండు కొండల మధ్య లోయలా ఒక ‘ఎం’ ఆకారం వచ్చింది. లోయ అడుగు 5వ గీత దగ్గర, ఎత్తు 1 గడి.

సరైన బొమ్మలో అక్కడ లోయే ఉండదు. 4వ గీత దగ్గర ఎర్రది 2, నీలం సున్నా, మొత్తం 2. 5వ గీత దగ్గర ఎర్రది 1, నీలం 1, మొత్తం 2. 6వ గీత దగ్గర ఎర్రది సున్నా, నీలం 2, మొత్తం మళ్లీ 2. అంటే 4 నుంచి 6 వరకు తీగ చదునుగా, రెండు గడుల ఎత్తున ఉంటుంది. ఆకారం ట్రెపీజియం.

తప్పు ఎక్కడ పుట్టింది?

నాకు మూడు అనుమానాలు వచ్చాయి. పల్స్‌ల స్థానాలు తప్పు లెక్కేసి ఉండాలి, లేదా కూడాలనే నియమమే తెలియకపోవాలి, లేదా నియమం తెలిసినా దాన్ని ఎక్కడ వాడాలో వేరే ఊహ ఉండాలి. మొదటిది వెంటనే పోయింది, పాదాలూ శిఖరాలూ సరైన గీతల మీదే ఉన్నాయి. రెండోది కూడా నిలబడలేదు. అధ్యారోపణ సూత్రం చెప్పమంటే గుక్క తిప్పుకోకుండా చెప్పింది. ప్రతి కణం స్థానభ్రంశం విడివిడి తరంగాల స్థానభ్రంశాల మొత్తానికి సమానం, y = y1 + y2. పైగా 3వ సెకనులో దాన్ని తనే వాడింది కూడా.

ఇక మిగిలింది మూడోది. అందుకని బొమ్మ గురించి అడగకుండా, 5వ గీత మీద తీగకు ఒక చుక్క పెట్టి, “2వ సెకనులో ఈ చుక్క ఎంత పైకి లేస్తుందమ్మా?” అని అడిగాను.

“ఒక గడి సార్.”

“ఎర్ర పల్స్ వల్ల ఎంత?”

“ఒకటి.”

“నీలం వల్ల?”

“అదే ఒకటి సార్. రెండూ ఆడనే కదా ఉండేది.”

“మరి కూడవా?”

“ఇంకా కలవలేదు కదా సార్. ఎర్రది 4 కాడ ఉంది, నీలంది 6 కాడ ఉంది.”

విషయం మొత్తం ఈ చివరి మాటలో ఉంది. ఆమె దృష్టిలో పల్స్ ఉండేది శిఖరం ఉన్నచోట. నాలుగు గడుల వెడల్పున్న ఆకారాన్ని ఒకే బిందువుగా పట్టుకుంది. ఆ బిందువులు రెండూ ఒకచోటికి వస్తేనే కలయిక, అప్పుడే కూడిక. అంతవరకూ ఎవరి బొమ్మ వాళ్లది, పైన కనిపించే అంచే తీగ. ఈ లెక్కన ఆమె 3వ సెకను సరిగ్గా గీయడంలో ఆశ్చర్యం లేదు, 2వ సెకను తప్పడంలో కూడా లేదు. రెండూ ఒకే నియమం నుంచి వచ్చాయి. పరీక్షల్లో ఎక్కువగా అడిగేది శిఖరాలు కలిసిన క్షణం గురించే కాబట్టి ఇలాంటి ఊహ మార్కుల్లో బయటపడదు.

ఫలితం ఇవ్వనివి

ముందు తాడుతో చూపించాను. పడవలకు వాడే లావు నైలాన్ తాడు జువ్వలదిన్నె వైపు తేలిగ్గా దొరుకుతుంది. ఎనిమిది మీటర్ల ముక్కను వరండాలో నేల మీద పరిచి, ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు కూర్చుని ఒకేసారి పక్కకు విదిలించాలి. కళ్లారా చూస్తే ఊహ మారుతుందని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ లెక్క చూడండి. తాడు మీటరుకు 50 గ్రాములు, లాగిన బలం 5 న్యూటన్లు అనుకుంటే పల్స్ వేగం సెకనుకు 10 మీటర్లు. ఒక్కో పల్స్ మీటరు వెడల్పు ఉంటే, ఎదురెదురుగా వస్తున్నాయి కాబట్టి, అవి తాకిన దగ్గర్నుంచి పూర్తిగా విడిపోయేదాకా పట్టేది సెకనులో పదో వంతు. మామూలు ఫోన్ వీడియోలో అది మూడు ఫ్రేములు. కంటికైతే ఏదో ఒక్కసారి ఎగిసిపడినట్టు ఉంటుంది.

అంతకన్నా చిక్కు ఇంకొకటి ఉంది. రెండు పల్స్‌లూ ఒకేలా ఉంటే, అవి దాటిపోయాయో, గుద్దుకుని వెనక్కి తిరిగాయో చూసి చెప్పడం కుదరదు. రెండు కథల్లోనూ చివరి బొమ్మ ఒకటే. తాడు చూశాక ఆమె “హైవే మీద ఎదురొచ్చిన లారీల్లాగా గుద్దుకుని తిరిగిపోయినయ్ సార్” అంది. ఒకరు పొడవుగా, ఇంకొకరు పొట్టిగా విదిలిస్తే ఆ అనుమానం తీరుతుంది, పొడవుది అవతలి చివరకు చేరడం కనిపిస్తుంది. అలా చేశాం, దాటిపోతాయని ఒప్పుకుంది. అయినా మధ్య ఫ్రేము ‘ఎం’ అలాగే ఉంది. దాటిపోతాయని నమ్మడం ఒకటి, దాటేటప్పుడు తీగ ఎలా ఉంటుందో తెలియడం ఇంకొకటి.

ఫోన్లో యానిమేషన్ చూపిస్తే కూడా ఇదే. కదిలే బొమ్మలో కన్ను శిఖరం వెంటే పోతుంది. ఆమె తప్పు నియమం కూడా శిఖరం గురించే కాబట్టి యానిమేషన్ ఆ అలవాటును ఇంకా గట్టిపరిచింది. దాన్ని ఆపి ఒక్కో ఫ్రేము చూపించినా, ‘ఇది వచ్చిన బొమ్మ’ అని చూస్తుందే తప్ప అది ఎందుకలా వచ్చిందో చేతికి రాదు.

పనిచేసింది

కన్ను పల్స్ వెంట పోకుండా చోటు దగ్గర నిలబడాలి. అందుకని రెండు ట్రేసింగ్ పేపర్ ముక్కలు తీసుకున్నాం. ఒకదాని మీద ఎర్ర త్రిభుజం, రెండోదాని మీద నీలం. కింద గ్రాఫ్ పేపర్, దాని మీద నిలువు గీతలకు 0 నుంచి 10 వరకు నంబర్లు. ట్రేసింగ్ పేపర్లు జరపడం నా వంతు. ఆమె పని ఒక్కో నిలువు గీత దగ్గర ఎర్రది ఎన్ని గడులు, నీలంది ఎన్ని గడులు అని చదివి రాసుకోవడం. బొమ్మ గీయకూడదు, అంకెలు మాత్రమే. 2వ సెకనుకు ఆమె రాసింది ఇది:

```
గీత      2   3   4   5   6   7   8
ఎర్ర     0   1   2   1   0   0   0
నీలం     0   0   0   1   2   1   0
మొత్తం   0   1   2   2   2   1   0
```

కింది వరుసను చుక్కలుగా పెట్టి కలిపాక, తన పాత ‘ఎం’ను, ఈ ట్రెపీజియాన్ని పక్కపక్కన పెట్టుకుని కాసేపు చూసింది. ఏది తప్పో నేను చెప్పలేదు.

త్రిభుజాలనే ఎంచుకోవడానికి కారణం ఉంది. రెండు సరళరేఖల మొత్తం కూడా సరళరేఖే. కాబట్టి ఎర్ర పల్స్ మలుపులు మూడు, నీలం పల్స్ మలుపులు మూడు, ఈ ఆరు చోట్ల మాత్రం కూడితే చాలు, మధ్యలో స్కేలుతో కలపవచ్చు. గుండ్రటి పల్స్‌లతో మొదలుపెడితే ఎన్ని చుక్కలు పెట్టినా మధ్యలో చేయి వాలిపోయి, మళ్లీ ‘ఎం’ దగ్గరికే వస్తుంది.

మలుపులు గడుల మీద పడని ఫ్రేము కూడా ఒకటి చేయించాలి, లేకపోతే నంబరు గీతల దగ్గర మాత్రమే కూడాలనే కొత్త అలవాటు పడుతుంది. రెండున్నర సెకన్లు తీసుకున్నాం. ఎర్రది 2.5 నుంచి 6.5 వరకు, నీలం 3.5 నుంచి 7.5 వరకు. మలుపుల దగ్గర మొత్తాలు వరుసగా 0, 1, 3, 3, 1, 0. అంటే వాలు మధ్యలో మారుతుంది. ముందు మెల్లగా లేచి, 3.5 దగ్గర నుంచి నిటారుగా ఎక్కి, 4.5 నుంచి 5.5 వరకు చదునుగా ఉండి, మళ్లీ అదే తీరుగా దిగుతుంది. ఈ విరుపులు ఊహతో గీయడం ఎవరికీ కుదరదు, కూడితేనే వస్తాయి. ఇది తనంతట తాను గీసింది.

ఇక్కడ ఒక జాగ్రత్త. ‘ఎం’ ఆకారమే తప్పు అని చెప్పకూడదు. ఒకటిన్నర సెకనులో నిజంగానే రెండు శిఖరాలూ, మధ్యలో లోయా ఉంటాయి. కాకపోతే ఆ లోయ అడుగు సూదిగా ఉండదు. 4.5 నుంచి 5.5 వరకు ఒక గడి ఎత్తున చదునుగా ఉంటుంది. ఆమె పాత పద్ధతిలో గీస్తే అడుగు అర గడి దగ్గర సూదిగా వస్తుంది. రెండు గీతలు ఖండించుకున్న చోట రెంటి ఎత్తూ సమానం కాబట్టి, తీగ అక్కడ ఆ ఎత్తుకు రెట్టింపులో ఉండాలి. పేపరు దిద్దేటప్పుడు నేను ముందు చూసేది ఈ ఒక్క బిందువునే.

తనంతట తాను సరిచూసుకోవడానికి ఇంకో దారి కూడా చూపించాను, తీగ కింద గడులు లెక్కపెట్టడం. ఒక్కో త్రిభుజం వైశాల్యం 4 గడులు, రెండూ కలిపి 8. ప్రతి చోటా కూడుతున్నాం కాబట్టి ఏ ఫ్రేములోనైనా మొత్తం 8 ఉండాల్సిందే. ట్రెపీజియానికి 8 వస్తుంది, 3వ సెకనులోని ఎత్తయిన త్రిభుజానికీ 8, రెండున్నర సెకన్ల విరుపుల బొమ్మకూ 8. ఆమె పాత ‘ఎం’కు వచ్చేది 7. “ఒక గడి ఎట్టా పోయింది సార్?” అని తనే వెతికి, రెండు త్రిభుజాలూ కప్పుకున్న చిన్న ముక్కను ఒక్కసారే లెక్కపెట్టానని కనిపెట్టింది. ఈ పరీక్షకు హద్దు ఉంది. తలకిందుల పల్స్ ఎదురైతే మొత్తం ఎప్పుడూ సున్నాయే కాబట్టి చాలా తప్పు బొమ్మలు దీన్ని దాటేస్తాయి.

చదునైన ఫ్రేము

అసలు పరీక్ష ఆ తలకిందుల పల్స్‌తోనే. నీలం త్రిభుజాన్ని కిందికి తిప్పి అదే లెక్క చేయమన్నాను. 2వ సెకనులో 4 దగ్గర +2, 5 దగ్గర సున్నా, 6 దగ్గర −2, మధ్యలో నిటారైన వాలు. రెండున్నరలో 3.5 నుంచి 4.5 వరకు +1 చదును, 5.5 నుంచి 6.5 వరకు −1 చదును. ఇవి చకచకా వచ్చాయి. 3వ సెకనులో అన్ని చోట్లా సున్నా. తీగ తిన్నగా ఉంది. 4వ సెకనులో కూడా తిన్నటి గీతే గీసి పెన్ను కింద పెట్టింది.

“ఇంక ఏమీ లేదు కదా సార్. తీగ తిన్నగా అయిపోతే మళ్లీ పల్స్ యాడ నుంచి వస్తుంది?”

ఇది మంచి ప్రశ్న. ‘పల్స్‌లు స్వతంత్రంగా దాటిపోతాయి కాబట్టి మళ్లీ వస్తాయి’ అని జవాబు చెప్పవచ్చు, ట్రేసింగ్ పేపర్లు జరిపితే నిజంగానే వస్తాయి. కానీ అది ఆమె ప్రశ్నకు జవాబు కాదు. తిన్నగా ఉన్న తీగకూ, ఎవరూ ముట్టుకోని తీగకూ ఆ క్షణంలో తేడా ఏమిటని ఆమె అడుగుతోంది. ఫొటోలో రెండూ ఒకటే. తేడా ఫొటోలో పడనిది, తీగ కణాల వేగం.

అందుకని పట్టికలో ఇంకో వరుస చేర్చాం, ఆ క్షణంలో ప్రతి కణం పైకి పోతోందా, కిందికి పోతోందా, ఎంత వేగంతో అని. కుడికి వెళ్లే ఎర్ర పల్స్‌లో ముందు వైపు కణాలు పైకి లేస్తాయి, వెనక వైపు కణాలు కిందికి దిగుతాయి. వాలు గడికి గడి కాబట్టి ఆ వేగం సెకనుకు ఒక గడి. 3వ సెకనులో ఎర్రది 3 నుంచి 7 వరకు ఉంది, అంటే 3-5 మధ్య −1, 5-7 మధ్య +1. నీలం పల్స్ తలకిందులుగా ఎడమకు వస్తోంది. దాని ముందు వైపు 3-5, అక్కడి కణాలు కిందికి పోవాలి, −1. వెనక వైపు 5-7, అవి తిరిగి పైకి వస్తున్నాయి, +1. స్థానభ్రంశాలు కొట్టేసుకున్నాయి కానీ వేగాలు కూడుకున్నాయి. 3-5 మధ్య −2, 5-7 మధ్య +2. తీగ తిన్నగా ఉంది, సగం భాగం రెట్టింపు వేగంతో కిందికి, సగం భాగం రెట్టింపు వేగంతో పైకి పోతోంది.

అర సెకను తర్వాత 4.5 దగ్గర తీగ ఎక్కడ ఉంటుందో ఈ వేగం నుంచి చెప్పమన్నాను. −2ను అర సెకనుతో గుణిస్తే −1. ట్రేసింగ్ పేపర్లు జరిపి చూస్తే మూడున్నర సెకన్లలో 4.5 దగ్గర ఎర్రది +1, నీలం −2, మొత్తం −1. రెండు దారుల్లోనూ ఒకే అంకె వచ్చింది. “యాడ నుంచి వస్తుంది” అన్న ప్రశ్న ఆమె మళ్లీ అడగలేదు.

శక్తి లెక్క కూడా ఇక్కడే తేలుతుంది. కదిలే ఒక పల్స్‌లో గతిశక్తి, స్థితిశక్తి సమానం. ఒక్కోటి K అనుకుంటే రెండు పల్స్‌లకు మొత్తం 4K. తిన్నటి ఫ్రేములో పల్స్ వల్ల తీగ ఎక్కడా అదనంగా సాగి లేదు, స్థితిశక్తి సున్నా. వేగం రెట్టింపు కాబట్టి గతిశక్తి K కి నాలుగింతలు, అంటే 4K. పోయింది ఏమీ లేదు. రెండు నిటారు పల్స్‌లు పూర్తిగా కలిసిన 3వ సెకనులో దీనికి సరిగ్గా వ్యతిరేకం. ఎత్తు రెట్టింపు, కణాల వేగాలు కొట్టేసుకుని సున్నా, ఆ క్షణంలో శక్తి అంతా స్థితిశక్తే.

ఒక హద్దు మాత్రం చెప్పాలి. గ్రాఫ్ పేపర్ మీద వాలు 45 డిగ్రీలు కనిపిస్తుంది, నిజం తీగ అంత వంగితే ఈ సూటి కూడిక సరిగ్గా నిలవదు. సూత్రం చిన్న వాలులకు. అందుకే అడ్డంగా గడి సెంటీమీటరు, నిలువుగా గడి ఒక మిల్లీమీటరు అని పేపరు మూలన రాయించాను. వరండాలో గట్టిగా విదిలించిన తాడు, పైగా నేల రాపిడితో, ఈ అంకెలకు సరిపోకపోవడానికి ఒక కారణం ఇదే.

ఇప్పటి పరిస్థితి

త్రిభుజాలు, చతురస్రాలు, ఎత్తు తేడా ఉన్నవి, ఒకటి నిటారు ఒకటి తలకిందులు, ఏది ఇచ్చినా ఇప్పుడు మధ్య ఫ్రేములు వస్తున్నాయి. గుండ్రటి పల్స్‌లు ఇచ్చి, టైమ్ తక్కువ ఉంటే మాత్రం చేయి ఇంకా బయటి అంచు వెంట పోతోంది. ఖండన బిందువు దగ్గర రెట్టింపు చుక్క ముందే పెట్టుకుని గీయమన్నాను. అలా పెట్టుకున్నప్పుడు తప్పడం లేదు.

తలకిందుల కేసు పట్టికలు తిరగేస్తూ ఆమె గమనించిన విషయం ఒకటుంది. 5వ గీత దగ్గర ప్రతి ఫ్రేములోనూ మొత్తం సున్నాయే. “అయితే అక్కడ మేకు కొట్టినా తేడా రాదు కదా సార్?” అంది. రాదు. మేకు కొట్టి కుడి వైపు సగాన్ని పేపరుతో మూసేస్తే, ఎడమ సగంలో కనిపించేది ఎర్ర పల్స్ మేకు దాకా వచ్చి, తలకిందులై వెనక్కి పోవడం. అంటే బిగించిన చివర నుంచి పరావర్తనం, వరండాలో తాడు చివర మేం చూసింది. కుడి వైపున కనిపించని నీలం పల్స్ ఒకటి వస్తోందని ఊహించుకుంటే ఆ పాఠానికి కొత్త సూత్రం అక్కర్లేదు, ఇదే పట్టిక చాలు. స్వేచ్ఛగా ఉన్న చివరకు ఏ పల్స్ ఊహించుకోవాలో కనుక్కుని రమ్మన్నాను. రెండు నిటారు పల్స్‌ల పట్టికలో 5వ గీత దగ్గర ఎత్తు కాకుండా వాలు చూడమని మాత్రం సూచించాను. త్రిభుజాల మలుపులు సరిగ్గా అక్కడే పడే ఫ్రేములు, అంటే 1, 3, 5 సెకన్లు, ఇబ్బంది పెడతాయి కాబట్టి వాటిని వదిలి మిగతా ఫ్రేములు చూడమన్నాను.